డయూరెటిక్స్ టేబుల్: చివరి కాలమ్‌ని బట్టీ పట్టక్కర్లేదు

ఫార్మకాలజీ పరీక్ష దగ్గరపడేసరికి చేతిలో మిగిలేవి స్లైడ్లలోని టేబుళ్లే. పుస్తకం మళ్లీ మొదటినుంచి చదివే టైం ఎవరికీ ఉండదు. ఆ టేబుళ్లలో ఎక్కువమందిని తికమక పెట్టేది డయూరెటిక్స్ టేబుల్, అంటే మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో చేరిన ఉప్పునూ నీటినీ బయటికి పంపే మందులది. చూడ్డానికి చిన్నదే. స్లైడ్ మీద దాదాపు ఇలా ఉంటుంది:

| తరగతి, మందు | పనిచేసే చోటు | ఆపేది | దుష్ప్రభావాలు |
|---|---|---|---|
| అసెటజోలమైడ్ | ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ | కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ | పొటాషియం ↓, అసిడోసిస్ |
| లూప్: ఫ్యూరోసెమైడ్ | హెన్లే లూప్ పైకెక్కే మందపు భాగం | సోడియం-పొటాషియం-2క్లోరైడ్ ట్రాన్స్‌పోర్టర్ | పొటాషియం ↓, ఆల్కలోసిస్, కాల్షియం ↓, యూరిక్ యాసిడ్ ↑, చెవుడు |
| థయజైడ్: క్లోర్‌థాలిడోన్ | డిస్టల్ ట్యూబ్యూల్ | సోడియం-క్లోరైడ్ ట్రాన్స్‌పోర్టర్ | పొటాషియం ↓, ఆల్కలోసిస్, కాల్షియం ↑, యూరిక్ యాసిడ్ ↑, సోడియం ↓ |
| స్పైరోనోలాక్టోన్, అమిలోరైడ్ | కలెక్టింగ్ డక్ట్ | ఆల్డోస్టెరోన్ రిసెప్టర్ / సోడియం చానల్ | పొటాషియం ↑, అసిడోసిస్ |

చిక్కంతా చివరి కాలమ్‌లోనే. అవే మాటలు వరుస తర్వాత వరుసలో తిరిగి వస్తాయి, బాణం మాత్రం ఒకచోట పైకి, ఇంకోచోట కిందికి. కాల్షియం పెరిగేది లూప్ మందుతోనా, థయజైడ్‌తోనా? పొటాషియం తగ్గితే అసిడోసిసా, ఆల్కలోసిసా? రాత్రి పన్నెండింటికి అప్పజెప్పినవాడు పొద్దున హాల్లో తిరగేసి రాస్తాడు. ఎందుకంటే బాణాలకు అర్థం లేదు, జ్ఞాపకానికి పట్టు దొరకదు.

నా లెక్కలో ఈ టేబుల్‌లో నిజంగా గుర్తుపెట్టుకోవాల్సింది మధ్యలోని రెండు కాలమ్‌లే. చివరిదాన్ని అక్కడికక్కడే కట్టుకోవచ్చు. అన్నీ కాదు, కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని కూడా చెబుతాను. ముందు వరుసల క్రమం గమనించండి. అది పుస్తకంలో అధ్యాయాల క్రమం కాదు. నెఫ్రాన్‌లో ద్రవం పారే క్రమం.

సోడియం ఎక్కడ ఆగుతుంది

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. మూత్రంగా బయటికొచ్చేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా వెనక్కి వెళ్లిపోతుంది, సోడియం వెంట నీరు. ఆ సోడియంలో దాదాపు 65 శాతాన్ని ప్రాక్సిమల్ ట్యూబ్యూలే తీసేసుకుంటుంది. హెన్లే లూప్ పైకెక్కే మందపు భాగం 25 శాతం తీసుకుంటుంది. డిస్టల్ ట్యూబ్యూల్ వాటా 5 శాతానికి కాస్త అటూ ఇటూ. కలెక్టింగ్ డక్ట్‌కు మిగిలేది రెండు మూడు శాతం.

ఇది సాగర్ కాలువ లాంటిదే. పై రైతు తూము మూసుకుంటే ఆ నీళ్లు కింది ఆయకట్టుకు పోతాయి, కింది రైతు ఎంత వీలైతే అంత పెట్టుకుంటాడు. డయూరెటిక్ చేసేది ఒక తూము మూయడం. అక్కడ తీసుకోకుండా వదిలిన సోడియం కిందికి పారుతుంది, కింద ఉన్నవాళ్లు దాన్ని పట్టుకోవడానికి చూస్తారు. మందు బలం ఎంతో, దాని దుష్ప్రభావాలేంటో రెండూ ఇక్కడినుంచే పుడతాయి.

మొదట బలం సంగతి. 65 శాతం తీసుకునే చోట పనిచేసే అసెటజోలమైడ్ అన్నిటికంటే బలమైన డయూరెటిక్ అయ్యుండాలి కదా? కాదు, బలహీనం. అక్కడ తప్పిపోయిన సోడియంలో ఎక్కువ భాగాన్ని కిందనున్న హెన్లే లూప్ పట్టేసుకుంటుంది. పైగా ఆ మందు పని బైకార్బొనేట్‌ను ఒలకబోయడం. కొన్ని రోజుల్లో రక్తంలో బైకార్బొనేట్ తగ్గిపోయి, వడపోతకు వచ్చేదే తక్కువై, మందు తనంతట తాను చల్లబడుతుంది. అందుకే ఈ రోజుల్లో దాన్ని వాడేది ఒంట్లో నీరు తీయడానికి తక్కువ, గ్లకోమాకూ ఎత్తైన కొండల మీద వచ్చే జబ్బుకూ ఎక్కువ. ఫ్యూరోసెమైడ్ 25 శాతం దగ్గర పనిచేసినా అదే రాజు. దాని కింద ఉన్న రెండు భాగాలకూ కలిపి అంత సోడియాన్ని పట్టుకునే సత్తా లేదు. వైవాలో “ఏ డయూరెటిక్ బలమైంది, ఎందుకు” అని అడిగితే “ఎందుకు”కు జవాబు ఇదే.

పొటాషియం, ఆసిడ్: చివరి తూము దగ్గర లెక్క

కలెక్టింగ్ డక్ట్ తీసుకునే సోడియం రెండు మూడు శాతమే కావచ్చు, కానీ పొటాషియం ఎంత పోవాలో తేల్చేది అదే. అక్కడి ప్రిన్సిపల్ కణంలోకి సోడియం ఒక చానల్ గుండా వస్తుంది. ధనావేశం లోపలికి పోవడంతో గొట్టం లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. ఆ లాగుడుకు కణంలోని పొటాషియం బయటికి జారుతుంది. పక్కనే ఉన్న ఇంటర్‌కలేటెడ్ కణం నుంచి హైడ్రోజన్ అయాన్ కూడా ఎక్కువగా బయటపడుతుంది. ఈ మొత్తానికి స్విచ్ ఆల్డోస్టెరోన్.

ఇప్పుడు పైన ఎక్కడ తూము మూసినా ఏమవుతుందో చూడండి. కలెక్టింగ్ డక్ట్‌కు మామూలుకంటే ఎక్కువ సోడియం చేరుతుంది. ఒంట్లో నీరు తగ్గింది కాబట్టి ఆల్డోస్టెరోన్ కూడా పెరుగుతుంది. సోడియం ఎక్కువ లోపలికి, పొటాషియం ఎక్కువ బయటికి, హైడ్రోజన్ ఎక్కువ బయటికి. ఆసిడ్ పోతే రక్తంలో మిగిలేది క్షారం. కాబట్టి లూప్ అయినా థయజైడ్ అయినా పొటాషియం తగ్గుతుంది, ఆల్కలోసిస్ వస్తుంది. రెండు వరుసలు, ఒకటే కారణం.

స్పైరోనోలాక్టోన్, అమిలోరైడ్ మూసేది ఈ చివరి తూమునే. ఒకటి ఆల్డోస్టెరోన్ మాట వినకుండా చేస్తుంది, రెండోది చానల్‌నే అడ్డుకుంటుంది. సోడియం లోపలికి రాదు, పొటాషియం బయటికి పోదు, హైడ్రోజన్ కూడా లోపలే ఉండిపోతుంది. పొటాషియం పెరుగుతుంది, అసిడోసిస్ వస్తుంది. మూడో వరుసలోని పొటాషియం బాణం, ఆల్కలోసిస్ నాలుగో వరుసలో ఎందుకు తలకిందులయ్యాయో చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదు.

ఇక మొదటి వరుస. అసెటజోలమైడ్‌తో పొటాషియం తగ్గుతుంది, అయినా అసిడోసిస్. పొటాషియం తగ్గితే ఆల్కలోసిస్ అని మూకుమ్మడిగా గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇక్కడే జారిపడతారు. అది పైన ఉన్న మందే, కింద పొటాషియం పోవడం మామూలే. కానీ అది నేరుగా బయటికి పంపేది బైకార్బొనేట్‌ని. క్షారాన్నే పారబోస్తే రక్తంలో ఆసిడ్ మిగులుతుంది. మూత్రం క్షారమవుతుంది కాబట్టి కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ల భయం కూడా ఇక్కడినుంచే వస్తుంది.

కాల్షియం ఎందుకు విడిపోతుంది

లూప్, థయజైడ్ రెండింటి మధ్య తేడా అడగాలనుకున్న ప్రతి ఎగ్జామినర్ చేయి పెట్టేది కాల్షియం మీదే. కాస్త ఆగి చూడదగ్గ చోటు ఇది.

మందపు భాగంలోని ట్రాన్స్‌పోర్టర్ ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్లను కలిపి కణంలోకి తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లిన పొటాషియంలో కొంత వేరే చానల్ గుండా మళ్లీ గొట్టంలోకి కారుతుంది. అలా కారడం వల్ల గొట్టం లోపలి వైపు కాస్త ధనావేశం వస్తుంది. కాల్షియం, మెగ్నీషియం కూడా ధనావేశం ఉన్నవే, కాబట్టి ఆ నెట్టుడుకు కణాల సందుల్లోంచి రక్తంలోకి వెళ్లిపోతాయి. ఫ్యూరోసెమైడ్ ట్రాన్స్‌పోర్టర్‌ను ఆపితే పొటాషియం కారడం ఆగుతుంది, ధనావేశం పోతుంది, నెట్టేది లేక కాల్షియం, మెగ్నీషియం మూత్రంలోకి పోతాయి. అందుకే కాల్షియం బాగా పెరిగిన రోగికి ముందు సెలైన్ ఎక్కించాక ఈ మందు వాడే పద్ధతి వచ్చింది. ఇక్కడ ఒక మాట: స్లైడ్‌లో “కాల్షియం ↓” అని రాసినా, పారాథైరాయిడ్ బాగున్న మనిషిలో రక్తపు కాల్షియం సాధారణంగా అంతగా పడిపోదు, పేగు ఎక్కువ పీల్చుకుని సర్దుతుంది. మూత్రంలో కాల్షియం పెరుగుతుంది అని రాస్తే ఎప్పుడూ తప్పు కాదు.

డిస్టల్ ట్యూబ్యూల్‌లో ఏర్పాటు వేరు. అక్కడ కాల్షియం సందుల్లోంచి పోదు, కణం గుండానే పోతుంది. గొట్టం వైపునుంచి చానల్ గుండా లోపలికి వస్తుంది, రక్తం వైపున ఒక ఎక్స్‌చేంజర్ సోడియాన్ని లోపలికి తీసుకుంటూ కాల్షియాన్ని బయటికి నెడుతుంది. థయజైడ్ పనిచేస్తే కణంలోకి సోడియం రావడం తగ్గుతుంది. లోపల సోడియం తక్కువైతే ఆ ఎక్స్‌చేంజర్ రక్తం వైపునుంచి సోడియాన్ని ఇంకా ఉత్సాహంగా లాక్కుంటుంది, ఆ మేరకు కాల్షియం రక్తంలోకి పోతుంది. ఒంట్లో నీరు తగ్గడంతో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కూడా సోడియంతో పాటు కాల్షియాన్ని ఎక్కువగా వెనక్కి తీసుకుంటుంది. మూత్రంలో కాల్షియం తగ్గుతుంది. మాటిమాటికీ కాల్షియం రాళ్లు వచ్చేవాళ్లకు, మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంటే, థయజైడ్ ఇవ్వడం ఇందుకే. రక్తంలో కాల్షియం పెరిగినా సాధారణంగా కొద్దిగానే. బాగా పెరిగితే దాక్కున్న పారాథైరాయిడ్ జబ్బేమో అని వెతకాలి.

ఈ తర్కాన్ని మరీ సాగదీస్తే మాత్రం దెబ్బ తింటారు. “లూప్‌తో కాల్షియం, మెగ్నీషియం రెండూ పోతాయి కాబట్టి థయజైడ్‌తో రెండూ నిలుస్తాయి” అనిపిస్తుంది. నిలవవు. థయజైడ్‌తో కూడా మెగ్నీషియం తగ్గుతుంది. ఈ రెండు ట్రాన్స్‌పోర్టర్లలో పుట్టుకతోనే లోపం ఉండే జబ్బులు ఇదే చెబుతాయి. లూప్‌దానిలో లోపముంటే బార్టర్, థయజైడ్‌దానిలో ఉంటే గిటెల్‌మాన్. జీవితాంతం ఆ మందు మింగినట్టే ఉంటుంది రోగి పరిస్థితి. గిటెల్‌మాన్‌లో మెగ్నీషియం తగ్గడం పేరుపడ్డ లక్షణం. రెంటినీ విడదీసేది మూత్రంలోని కాల్షియం.

సోడియం తగ్గడం, యూరిక్ యాసిడ్ పెరగడం, చెవి

బలహీనమైన థయజైడ్ రక్తంలో సోడియాన్ని దించడంలో బలమైన ఫ్యూరోసెమైడ్‌ను మించిపోతుంది. వింతగా ఉన్నా కారణం ఉంది. నీటిని వెనక్కి లాగాలంటే కిడ్నీ మెడుల్లాలో ఉప్పు గాఢంగా ఉండాలి. ఆ గాఢత కట్టేది హెన్లే లూప్. ఫ్యూరోసెమైడ్ దాన్నే పాడుచేస్తుంది కాబట్టి సోడియంతో పాటు నీరూ పోతుంది. థయజైడ్ పనిచేసేది కార్టెక్స్‌లో, మెడుల్లా గాఢత చెక్కుచెదరదు. నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఏడీహెచ్ నీటిని లాగేసుకుంటూనే ఉంటుంది, సోడియం మాత్రం పోతూ ఉంటుంది. ఎక్కువగా దెబ్బతినేది వయసు మళ్లిన స్త్రీలు, అదీ మందు మొదలుపెట్టిన మొదటి వారాల్లో.

యూరిక్ యాసిడ్‌కు కారణం వేరే చోట ఉంది. లూప్, థయజైడ్ మందులు రెండూ రక్తంలో ప్రొటీన్‌కు అంటుకుని తిరుగుతాయి, వడపోతలో పెద్దగా రావు. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోని ఆర్గానిక్ ఆసిడ్ ట్రాన్స్‌పోర్టరే వాటిని గొట్టంలోకి దించుతుంది. యూరిక్ యాసిడ్ పోయే దారీ అదే, పోటీ తప్పదు. ఒంట్లో నీరు తగ్గడం దాన్ని ఇంకా పెంచుతుంది. కిడ్నీ చెడిన రోగికి ఫ్యూరోసెమైడ్ డోసు పెంచాల్సి రావడానికీ ఈ దారే కారణం: గొట్టం లోపలికి చేరితేనే అది పనిచేస్తుంది. స్పైరోనోలాక్టోన్‌కు ఈ ఇరుకు లేదు, అది రక్తం వైపునుంచే కణంలోకి వెళ్తుంది.

ఫ్యూరోసెమైడ్ ఆపే ట్రాన్స్‌పోర్టర్‌కు అన్నదమ్ముడు లోపలి చెవిలో ఉంటుంది, అక్కడి ద్రవంలో పొటాషియం నింపే పనిలో. చెవుడు అందుకే. పెద్ద డోసును ఐవీలో గబగబా ఎక్కించినప్పుడు, జెంటామైసిన్ లాంటి మందు తోడైనప్పుడు ముప్పు ఎక్కువ. పెద్ద డోసును నిమిషానికి 4 మిల్లీగ్రాములు మించకుండా ఎక్కించమనడం దీనికే.

బట్టీ పట్టక తప్పనివి కూడా కొన్ని ఉన్నాయి. థయజైడ్‌తో కొలెస్టరాల్ పెరగడాన్ని నెఫ్రాన్ బొమ్మలోంచి లాగలేం. షుగర్ పెరగడానికి కొంత ఆధారం ఉంది, పొటాషియం తగ్గితే ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. స్పైరోనోలాక్టోన్‌తో మగవాళ్లలో రొమ్ములు పెరగడం కిడ్నీ సంగతే కాదు. దాని అణువు స్టెరాయిడ్, ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను కూడా అడ్డుకుంటుంది. తీవ్రమైన గుండె వైఫల్యంలో ఈ మందు మరణాలను 30 శాతం తగ్గించిందని చూపిన 1999 నాటి రేల్స్ ట్రయల్‌లో మగవాళ్లలో 10 శాతానికి రొమ్ములు పెరగడమో నొప్పో వచ్చింది, మందు లేని గుంపులో 1 శాతానికే. ఎప్లెరినోన్‌తో ఈ బెడద తక్కువ. ఇలాంటివి నాలుగైదు విడిగా ఒక మూల రాసుకోండి.

మానిటాల్ వరుసను నేను కావాలనే టేబుల్‌లో పెట్టలేదు. అది ఏ ట్రాన్స్‌పోర్టర్‌నూ ఆపదు, గొట్టంలో ఉండి నీటిని పట్టేస్తుంది. కానీ గొట్టంలోకి చేరేముందు రక్తంలో ఉంటుంది, కణాల్లోని నీటిని రక్తంలోకి లాగుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుండె రోగికి ఇవ్వకూడదనేది ఇందుకే.

ఒక ప్రశ్న మీద పెట్టి చూద్దాం

66 ఏళ్ల స్త్రీ. బీపీకి మూడు వారాల క్రితం కొత్త మాత్ర మొదలైంది. నీరసం, మాట తడబడుతోంది. సోడియం 122, పొటాషియం 3.0, బైకార్బొనేట్ 31, కాల్షియం 10.8, యూరిక్ యాసిడ్ 8.2. మందు ఏది? ఆప్షన్లు: అసెటజోలమైడ్, ఫ్యూరోసెమైడ్, క్లోర్‌థాలిడోన్, స్పైరోనోలాక్టోన్.

అంకెలన్నీ ఒకేసారి చూస్తే కంగారు. ముందు పొటాషియం ఒక్కటే చూడండి. 3.5 కంటే తక్కువ, అంటే మూసింది చివరి తూము కాదు. స్పైరోనోలాక్టోన్ పోయింది. తర్వాత బైకార్బొనేట్. 22 నుంచి 28 ఉండాల్సింది 31 ఉంది, ఆల్కలోసిస్. క్షారాన్ని పారబోసే అసెటజోలమైడ్ పోయింది. మిగిలిన రెండింటికీ యూరిక్ యాసిడ్ పెరుగుతుంది కాబట్టి 8.2 తేల్చదు, దాన్ని వదిలేయండి. కాల్షియం 10.8, పై హద్దు 10.5 దాటింది, అదీ కొద్దిగానే. ఫ్యూరోసెమైడ్ కాల్షియాన్ని పెంచదు. జవాబు క్లోర్‌థాలిడోన్. సోడియం 122, రోగి వయసు, మూడు వారాల గడువు, మూడూ దానికే సాక్ష్యం చెబుతున్నాయి.

ఇదే ప్రశ్నలో కాల్షియం తీసేసి ఇస్తే ఏం చేస్తారు? అప్పుడు పట్టు సోడియం మీద ఉంటుంది. అది కూడా తీసేసి పొటాషియం, బైకార్బొనేట్ మాత్రమే ఇస్తే లూప్‌కీ థయజైడ్‌కీ తేడా చెప్పలేం. అలాంటి ప్రశ్నలో “చెవిలో హోరు” లాంటి మాట ఎక్కడో ఇరికించి ఉంటారు, కేసు మళ్లీ చదవండి.

ఇంకోటి. గుండె వైఫల్యం ఉన్న 70 ఏళ్ల పురుషుడు ఎనలాప్రిల్ వాడుతున్నాడు. క్రియాటినిన్ 2.3. నెల కిందట ఇంకో మందు జోడించారు. ఇప్పుడు పొటాషియం 6.1, బైకార్బొనేట్ 17. ఇక్కడ టేబుల్‌తో పని ఒక్క నిమిషమే: పొటాషియం పెరిగింది, ఆసిడ్ పెరిగింది, చివరి తూము మూసుకుంది. ఎనలాప్రిల్ అప్పటికే ఆల్డోస్టెరోన్‌ను తగ్గించింది, మిగిలిన కాస్త పనిని స్పైరోనోలాక్టోన్ ఆపింది, కిడ్నీ కూడా బలహీనం. ముందు ఈసీజీ తీయాలి. టీ తరంగాలు కొనదేలి ఉంటే, క్యూఆర్‌ఎస్ వెడల్పయి ఉంటే కాల్షియం గ్లూకోనేట్ ఐవీ ఇస్తారు, అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. పొటాషియాన్ని కణాల్లోకి తోయడానికి ఇన్సులిన్, గ్లూకోజ్. ఒంట్లోంచి బయటికి పంపడానికి, మూత్రం వస్తూ ఉంటే, రెండో వరుసలోని ఫ్యూరోసెమైడ్ పనికొస్తుంది.